హాఫ్ హ్యాండ్స్ చొక్కా హాఫ్ హ్యాండ్స్‌గానే రావాలంటే: వర్చువల్ ట్రై-ఆన్ బొమ్మలకు సమగ్ర మార్గదర్శి

కొనుగోలుదారు ఫొటో మీద కొనబోయే బట్టను కంప్యూటర్‌తో తొడిగి చూపేదే ట్రై-ఆన్ బొమ్మ. అది ఎంత బాగా వచ్చిందో తెలుసుకోవడానికి చాలామంది ముందు ముఖం చూస్తారు, తర్వాత బట్ట రంగు చూస్తారు. నేను చొక్కా చెయ్యి ఎక్కడ ఆగిందో చూస్తాను. ముఖం పాత ఫొటోలోదే, రంగు బట్ట ఫొటోలోదే. రెండూ దాదాపు తెచ్చి అతికించినవే. చెయ్యి పొడవు మాత్రం ఏ ఫొటోలోనూ లేదు. ఫలానా బట్ట ఫలానా ఒంటి మీద ఎక్కడికి వస్తుందన్నది లెక్క కట్టాల్సిన విషయం, బొమ్మ గీసే ఏఐ మోడల్ మాత్రం లెక్క కట్టదు, ఊహిస్తుంది. ఆ ఊహ తప్పిన చోట ఫుల్ హ్యాండ్స్ వేసుకున్న మనిషికి హాఫ్ హ్యాండ్స్ చొక్కా తొడిగితే మోచేయి దాటి ముప్పావు చేతులు వస్తాయి. బొమ్మ చూడటానికి అందంగానే ఉంటుంది. కొన్న మనిషికి పెట్టె విప్పాక తెలుస్తుంది.

అందుకే ఈ మార్గదర్శి మొత్తం ఒకే ఉదాహరణ చుట్టూ తిరుగుతుంది. కొనుగోలుదారు ఎత్తు 165 సెం.మీ., ఛాతీ చుట్టుకొలత 92 సెం.మీ. ఫొటోలో వదులుగా ఉన్న ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుని ఉన్నారు. తొడిగి చూడాల్సింది లినెన్ హాఫ్ హ్యాండ్స్ చొక్కా, భుజం కుట్టు కిందికి జారే రకం. బల్ల మీద పరిచి కొలిస్తే భుజం నుంచి భుజానికి 46 సెం.మీ., ఛాతీ దగ్గర అడ్డంగా 52, చెయ్యి పొడవు 24, చెయ్యి వెడల్పు 20. కష్టమైన కేసునే కావాలని తీసుకున్నాను. పొడుగు చేతుల నుంచి పొట్టి చేతులకు రావడం, వదులు బట్టల వెనక దాగిన ఒళ్లు, మడతలు స్ఫుటంగా పడే గుడ్డ, మూడూ ఇందులో ఉన్నాయి.

మోడల్ లోపల జరిగేది ఏమిటి

2018లో వచ్చిన తొలి పద్ధతులు బట్ట బొమ్మను రబ్బరు షీటులా సాగదీసి ఒంటి ఆకారానికి వంచేవి, తర్వాత అతుకులు కనపడకుండా సరిదిద్దేవి. ఇప్పటి డిఫ్యూజన్ మోడళ్లు అలా చేయవు. మనిషి ఫొటోలో చొక్కా ఉన్న భాగాన్ని చెరిపేసి, ఆ ఖాళీని బట్ట ఫొటో చూస్తూ కొత్తగా గీస్తాయి. చెరిపే ఆ భాగమే మాస్క్. 2024లో వచ్చిన `IDM-VTON`, `CatVTON` రెండూ ఈ తరహావే. మొదటిది ఎస్‌డీఎక్స్‌ఎల్ అనే బొమ్మలు గీసే మోడల్ ఆధారంగా నడుస్తుంది, బట్ట వివరాలు చదవడానికి పక్కన వేరే నెట్‌వర్క్‌ను పెట్టుకుంటుంది. రెండోది మనిషి బొమ్మనూ బట్ట బొమ్మనూ పక్కపక్కన అతికించి ఒకే నెట్‌వర్క్‌కు ఇస్తుంది. అందుకే తేలికగా ఉంటుంది, 1024×768 సైజులో కూడా 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు సరిపోతుంది.

దుకాణం కోసం చేసేవారు ఒక సంగతి మొదటే చూసుకోవాలి. ఈ రెండు మోడళ్ల లైసెన్సూ సీసీ బీవై-ఎన్‌సీ-ఎస్‌ఏ 4.0. అంటే నేర్చుకోవడానికి, పరీక్షించడానికి వాడుకోవచ్చు, వ్యాపారానికి కాదు. అమ్మకాల పేజీలో పెట్టే బొమ్మలకు విడిగా అనుమతి తీసుకోవాలి, లేదా వాణిజ్య లైసెన్స్ ఉన్న మోడల్ వాడాలి. కింద చెప్పబోయే కొలతలు, మాస్క్, తనిఖీలు ఏ మోడల్‌కైనా అవే.

వీటి శిక్షణ గురించి ఒక్క విషయం గుర్తుంచుకుంటే తర్వాత వచ్చే తప్పులన్నీ అర్థమవుతాయి. శిక్షణకు ఎక్కువగా వాడే విటాన్-హెచ్‌డీ సమాహారంలో దాదాపు 13,700 జతల ఫొటోలున్నాయి. అన్నీ కేటలాగ్ మోడళ్లైన మహిళలవే, నడుము పై భాగం బట్టలే. ఒక మనిషి వేసుకున్న చొక్కాను చెరిపి, అదే చొక్కా విడి ఫొటో ఇచ్చి మళ్లీ గీయమనడమే శిక్షణ. కాబట్టి మోడల్ దృష్టిలో ప్రతి బట్టా ప్రతి మనిషికీ సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే సరిపోని జతను అది చూసే అవకాశమే తక్కువ. ఎం సైజు, ఎక్స్ఎల్ సైజు దానికి ఒకటే.

మొదటి అడుగు: రెండు ఫొటోలు

కొనుగోలుదారు ఫొటో తల నుంచి పాదాల వరకు ఉండాలి. నడుము దాకా బొమ్మే కావాల్సినా మొత్తం ఒళ్లు ఎందుకంటే, ఎత్తు 165 సెం.మీ. అన్న ఒక్క అంకె నుంచే మిగతా కొలతలన్నీ తీయబోతున్నాం. ఫోన్ నడుము ఎత్తులో, నిటారుగా, రెండున్నర మూడు మీటర్ల దూరంలో ఉండాలి. వైడ్ లెన్స్ వద్దు. ఛాతీ ఎత్తు నుంచి కిందికి వంచి తీస్తే భుజాలు పెద్దవై కాళ్లు పొట్టివవుతాయి, సెంటీమీటర్ల లెక్క అక్కడే చెడుతుంది. చేతులు ఒంటికి ఆనకుండా కొంచెం ఎడంగా పెట్టమనాలి. చంక దగ్గర వెలుతురు కనపడితే చాలు. జుట్టు పొడుగ్గా ఉంటే వెనక్కి కట్టుకోమనాలి. భుజం మీద పడ్డ జుట్టును మాస్క్ నుంచి తప్పిస్తే పాయల సందుల్లో పాత చొక్కా రంగు మిగిలిపోతుంది, తప్పించకపోతే మోడల్ కొత్త జుట్టు పుట్టిస్తుంది.

వీలైతే ఒంటికి అంటిపెట్టుకునే హాఫ్ హ్యాండ్స్ టీషర్టుతో ఫొటో అడగండి. సగం సమస్యలు అక్కడే తీరిపోతాయి. మన ఉదాహరణలో ఆ అదృష్టం లేదు.

బట్ట ఫొటో విషయంలో ఇస్త్రీ చాలా ముఖ్యం. పెట్టెలో మడిచి ఉన్నప్పుడు పడ్డ గీతను మోడల్ మడతగా కాదు, డిజైన్‌గా చదువుతుంది. అది ఛాతీ మీద నిలువు గీతలా అచ్చవుతుంది. వెలుతురు నాలుగు పక్కల నుంచీ మెత్తగా రావాలి, ఒక పక్క నుంచి వచ్చే గట్టి నీడ కూడా అలాగే అచ్చవుతుంది. చేతులు రెండూ పూర్తిగా పరిచి, చివరలు ఫ్రేములో కనపడేలా తీయాలి. చెయ్యిని వెనక్కి మడిచి అందంగా తీసిన ఫొటో ట్రై-ఆన్‌కు పనికిరాదు.

రెండో అడుగు: సెంటీమీటర్లను పిక్సెళ్లలోకి మార్చడం

మన ఫొటో 3000×4000 పిక్సెళ్లు. నెత్తి నుంచి మడమ వరకు 3300 పిక్సెళ్లు వచ్చిందనుకుందాం. 3300ను 165తో భాగిస్తే సెంటీమీటరుకు 20 పిక్సెళ్లు. చెప్పులు వేసుకుని తీసిన ఫొటో అయితే ఆ మందం, జుట్టు ఎత్తుగా ఉంటే అదీ తీసేయాలి.

భుజం అంచు నుంచి అంచుకు 800 పిక్సెళ్లు ఉంది, అంటే 40 సెం.మీ. భుజం అంచు నుంచి మోచేతికి 640 పిక్సెళ్లు, అంటే 32 సెం.మీ. ఇక్కడ ఒక చిక్కు. భంగిమ గుర్తించే ఓపెన్‌పోజ్ లాంటి సాధనాలు భుజం అని చూపే చుక్క కీలు మధ్యలో ఉంటుంది, కుట్టు మొదలయ్యే అంచు దగ్గర కాదు. ఆ చుక్కను రెండు మూడు సెంటీమీటర్లు బయటికి, కొంచెం పైకి జరిపాకే కొలవాలి. జరపకుండా కొలిస్తే చెయ్యి అంతమేర తప్పుతుంది.

ఇప్పుడు అసలు లెక్క. చొక్కా భుజం 46, మనిషి భుజం 40. తేడా 6, పక్కకు 3 చొప్పున. అంటే భుజం కుట్టు అంచు మీద కాకుండా 3 సెం.మీ. కిందికి జారి పై చేతి మీద కూర్చుంటుంది. అక్కడి నుంచి చెయ్యి పొడవు 24. మొత్తం 27 సెం.మీ. కిందికి చొక్కా చెయ్యి ఆగాలి. పై చెయ్యి పొడవు 32 కాబట్టి 27ను 32తో భాగిస్తే 0.84. భుజం నుంచి మోచేతికి వెళ్లే దారిలో నూటికి 84 వంతుల దగ్గర అంచు రావాలన్నమాట. భుజం జారుడు మరిచిపోయి 24నే తీసుకుంటే 0.75 వస్తుంది, దాదాపు మూడు సెంటీమీటర్ల తేడా. ఓవర్‌సైజ్ బట్టల బొమ్మల్లో చేతులు అన్యాయంగా పొట్టిగా కనపడటానికి ఎక్కువసార్లు ఇదే కారణం.

పిక్సెళ్ల కంటే నాకు ఈ 0.84 నిష్పత్తి మీదే నమ్మకం ఎక్కువ. చెయ్యి కెమెరా వైపు కాస్త వంగితే పై చేతి పొడవు ఫొటోలో కుదించుకుపోతుంది, సెంటీమీటరుకు 20 అన్న లెక్క అక్కడ చెల్లదు. కానీ ఆ కుదింపు పై చెయ్యి పొడవునా దాదాపు సమానంగా ఉంటుంది కాబట్టి నిష్పత్తి నిలబడుతుంది. బొమ్మను చిన్నది చేసినా పెద్దది చేసినా అది మారదు.

ఇక కత్తిరింపు. మొత్తం ఫ్రేము 150×200 సెం.మీ. జాగాను చూపిస్తోంది. దాన్ని నేరుగా 768×1024కు తగ్గిస్తే సెంటీమీటరుకు 5 పిక్సెళ్లే మిగులుతాయి. తల నుంచి తుంటి కింది దాకా 75×100 సెం.మీ. ముక్క కత్తిరించి ఇస్తే 10 పిక్సెళ్లు దక్కుతాయి. ఈ మోడళ్లు బొమ్మను లోపల ఒక్కో వైపు ఎనిమిదో వంతుకు కుదించి పని చేస్తాయి, అందువల్ల సన్న చారలు నలుగుతాయి. 3 మి.మీ. చార ఈ కత్తిరింపులోనూ 3 పిక్సెళ్లే, కాబట్టి పాకడం ఖాయం. సెంటీమీటరు చారలు నిలుస్తాయి. అంతకన్నా సన్న గళ్లు ఉన్న బట్టకు ట్రై-ఆన్ బొమ్మ పక్కన అసలు గుడ్డ దగ్గరి ఫొటో పెట్టడం తప్ప నాకు వేరే దారి కనపడలేదు.

మూడో అడుగు: మాస్క్

చేతి పొడవు గెలిచేదీ ఓడేదీ ఇక్కడే కాబట్టి కాస్త తీరిగ్గా చూద్దాం.

పార్సింగ్ మోడల్ ఫొటోలోని ప్రతి పిక్సెల్‌కూ ముఖం, జుట్టు, పై బట్ట, చెయ్యి, ప్యాంటు అని పేరు పెడుతుంది. ఆ పై బట్టనే మాస్క్‌గా వాడేస్తే ఏమవుతుంది? మాస్క్ అంచే పాత చొక్కా ఆకారం. మోడల్‌కు ఆ ఆకారం పెద్ద సూచన. ఖాళీ మణికట్టు దాకా సన్నగా సాగి ఉంటే, అక్కడ గుడ్డ ఉండాలి కాబోలు అనుకుని నింపేస్తుంది. మన ఉదాహరణలో ముప్పావు చేతులు అలా పుడతాయి. తిరగేసి చూస్తే, హాఫ్ హ్యాండ్స్ వేసుకున్న మనిషికి ఫుల్ హ్యాండ్స్ తొడిగేటప్పుడు ఖాళీ మోచేయి పైనే ముగిసిపోతుంది. కింద అసలు చర్మం అలాగే ఉంటుంది. మోడల్‌కు ఫుల్ హ్యాండ్స్ గీయడానికి చోటే లేదు, కాబట్టి చొక్కా చెయ్యి కత్తిరించినట్టు ఆగిపోతుంది.

రెండింటికీ మందు ఒకటే. మాస్క్ పాత బట్టను చెప్పకూడదు, కొత్త బట్టనూ చెప్పకూడదు. పాత చొక్కా ఉన్న చోటు, కొత్తది రాగల చోటు, రెండు చేతులూ మణికట్టు దాకా, అన్నీ కలిపి మాస్క్ చేయాలి. చెయ్యి పొడవునా ఒకే తరహా మందంతో వెళ్లాలి, పాత చొక్కా కఫ్ ఆకారం కనపడకూడదు. ముఖం, జుట్టు, హస్తాలు మాత్రం బయట ఉండాలి.

హస్తాల దగ్గర చాలామంది పొరపడతారు. పార్సింగ్ మోడళ్లలో హస్తానికి విడి పేరు ఉండదు, మొత్తం కలిపి 'చెయ్యి' అంతే. ఫుల్ హ్యాండ్స్ ఫొటోలో బయట కనపడేది హస్తమే కాబట్టి ఆ పేరు అనుకోకుండా హస్తానికే సరిపోతుంది. హాఫ్ హ్యాండ్స్ ఫొటోలో అదే పేరు మోచేతి నుంచి వేళ్ల దాకా వ్యాపిస్తుంది. 'చెయ్యిని కాపాడు' అని రాసిన నియమం ఒక ఫొటోలో సరిగ్గా, ఇంకో ఫొటోలో తప్పుగా పనిచేయడానికి కారణం ఇదే. ఒంటి ఉపరితలాన్ని 24 ముక్కలుగా గుర్తించే డెన్స్‌పోజ్‌లో మాత్రం హస్తాలకు విడి సంఖ్యలున్నాయి, 3, 4. అవి వాడండి.

```python
import cv2, numpy as np

def arm_mask(h, w, sh, el, wr, t_up, t_low):
    m = np.zeros((h, w), np.uint8)
    cv2.line(m, sh, el, 255, t_up)
    cv2.line(m, el, wr, 255, t_low)
    return m

mask = old_cloth | new_torso | left_arm | right_arm
mask = cv2.dilate(mask, np.ones((15, 15), np.uint8))
hands = (densepose == 3) | (densepose == 4)
mask[hands | (face > 0) | (hair > 0)] = 0
```

ఇందులో `t_up` పై చేతి మందం. కొత్త చొక్కా చెయ్యి వెడల్పు 20 సెం.మీ., కాబట్టి కత్తిరించిన బొమ్మలో దాదాపు 200 పిక్సెళ్లు. ముంజేతికి అంత అక్కర్లేదు, పాత చొక్కా చెయ్యి పూర్తిగా మునిగేంత చాలు. `new_torso` కొత్త చొక్కా మొండెం రాగల చోటు. దాని కింది అంచు కొత్త చొక్కా అసలు పొడవు కంటే నాలుగైదు సెంటీమీటర్లు కిందికి ఉండాలి, లేకపోతే పొడుగు చొక్కా కూడా పాతది ఆగిన చోటే ఆగుతుంది. హస్తాలను చివర్లో తీసేయడం కూడా కావాలనే చేశాం. ముందు తీసేసి తర్వాత డైలేట్ చేస్తే, అంటే మాస్క్‌ను అన్ని వైపులా వెడల్పు చేస్తే, అది మళ్లీ వేళ్ల మీదికి పాకుతుంది.

మాస్క్ తయారయ్యాక దాన్ని ఒంటరిగా తెరిచి చూడండి. ఆ నల్లని తెల్లని బొమ్మ చూసి పాత చొక్కా హాఫ్ హ్యాండ్సా ఫుల్ హ్యాండ్సా అని మీరు చెప్పగలిగితే, మోడల్ కూడా చెప్పగలదు.

కనపడని ముంజేయి ఎవరిది?

మాస్క్ సరిగ్గా ఉన్నా ఒక ఇబ్బంది మిగులుతుంది. ఫుల్ హ్యాండ్స్ కింద ఉన్న ముంజేయి ఫొటోలో లేదు. మోడల్ ముఖం, మెడ, హస్తాల రంగు చూసి ఒక ముంజేతిని పుట్టిస్తుంది. రంగు చాలావరకు కుదురుతుంది. లావు కుదరదు. కేటలాగ్ ఫొటోలు చూసి నేర్చుకున్న చెయ్యి కాబట్టి సన్నగా, నున్నగా, మచ్చలేకుండా వస్తుంది. పచ్చబొట్టు, వెంట్రుకలు, మానిన గాయం ఏదీ ఉండదు.

నేను చేసే పద్ధతి రెండు విడతలది. మొదట ఒంటికి అంటే సాదా పొట్టి చేతుల టీషర్టును తొడిగి ఒక ఆధార బొమ్మ చేస్తాను. దాన్ని కొనుగోలుదారుకు చూపించి, చేతులు మీవేనా అని అడుగుతాను. సరే అన్నాక మిగతా బట్టలన్నీ ఆ బొమ్మ మీదే తొడుగుతాను. దీనివల్ల ఒకే మనిషికి పది చొక్కాలు చూపించినా పదింటిలోనూ ఒకే చెయ్యి ఉంటుంది. ప్రతిసారీ కొత్తగా పుట్టిస్తే ఒక బొమ్మలో సన్నటి చెయ్యి, ఇంకో బొమ్మలో లావుపాటిది వచ్చి మొత్తం మీదే నమ్మకం పోతుంది. కాదు అన్నారంటే ఇంకో ఫొటో అడగడమే. ఊహించిన ఒంటి మీద ఊహించిన బట్ట పెట్టి సరిదిద్దుతూ కూర్చోవడం వృథా.

నాలుగో అడుగు: నడపడం, కొలవడం

`IDM-VTON`కు బట్ట గురించి ఒక చిన్న వాక్యం కూడా ఇస్తాం. చేతి పొడవు అందులో ఉండి తీరాలి.

```python
garment_des = "loose short sleeve linen shirt, dropped shoulder"
prompt = "model is wearing " + garment_des
# num_inference_steps=30, guidance_scale=2.0, strength=1.0
```

గైడెన్స్ అంటే మోడల్ మనం ఇచ్చిన సూచనకు ఎంత కట్టుబడాలో చెప్పే అంకె. 2.0 తక్కువగా అనిపించి పెంచాలనిపిస్తుంది. పెంచితే రంగులు గాఢమై మడతలు చెక్కినట్టు గట్టిపడతాయి, బట్ట రెయిన్‌కోటులా తయారవుతుంది. దాన్ని కదపకుండా సీడ్‌ను, అంటే ప్రతిసారీ వేరే బొమ్మ వచ్చేలా చేసే అంకెను, మార్చి నాలుగు బొమ్మలు తీయడం మేలు. నాలుగింటిలోంచి కంటికి నచ్చింది ఎంచుకోవద్దు, కొలవండి. వచ్చిన బొమ్మను మళ్లీ పార్సింగ్‌కు పంపి పై బట్ట భాగం తీసి, మోచేతి నుంచి భుజం వైపు నడుస్తూ బట్ట మొదట తగిలిన చోటు చూడాలి.

```python
def sleeve_ratio(cloth, sh, el, n=200):
    s, e = np.array(sh, float), np.array(el, float)
    for t in np.linspace(1, 0, n):
        x, y = (s + t * (e - s)).astype(int)
        if cloth[y, x]:
            return t
    return 0.0
```

మనకు కావలసింది 0.84. నేను 0.05 అటూ ఇటూ ఒప్పుకుంటాను, అంటే దాదాపు ఒకటిన్నర సెంటీమీటరు. సీడ్‌లలో ఒకటి 0.97 ఇచ్చిందంటే చెయ్యి మోచేతిని తాకుతోందన్నమాట, అది పోయింది. సరిగ్గా 1.0 వస్తే బట్ట మోచేయి దాటిపోయిందని అనుమానించాలి, ఎందుకంటే ఈ కోడ్ మోచేయి కింద చూడదు. రెండు చేతులకూ విడివిడిగా కొలవండి. ఎడమ 0.82, కుడి 0.93 వచ్చే బొమ్మలు చూపుకు దొరకవు, కొలిస్తేనే దొరుకుతాయి.

నాలుగూ పొడుగ్గానే వస్తే సీడ్‌లు మార్చుకుంటూ పోవద్దు. తప్పు మాస్క్‌లోనో బట్ట ఫొటోలోనో ఉంటుంది. బట్ట ఫొటోలో చేతులు కిందికి వాలి మొండెం పక్కన ఆనుకుని ఉంటే మోడల్ వాటిని పొడుగ్గా చదువుతుంది. పక్కకు చాచి మళ్లీ ఫొటో తీస్తే చాలాసార్లు కుదురుతుంది. అప్పటికీ మొండికేస్తే చివరి మార్గం ఒకటుంది. ఆధార బొమ్మలో ముంజేతులు ఇప్పటికే బయట ఉన్నాయి కదా, మాస్క్‌ను 0.92 దగ్గరే ఆపేయండి. ఆకారం సూచన ఇస్తుందన్న దోషాన్ని ఇక్కడ మనకు అనుకూలంగా వాడుకుంటున్నాం. అంచు గీత గీసినట్టు కనపడే ప్రమాదం ఉంది, అందుకే దీన్ని మొదటే వాడను.

ఐదో అడుగు: ఒళ్లు మారిందా?

మోడల్ మనిషిని సన్నబరుస్తుంది. చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు, చూసిన ఒళ్లన్నీ అలాంటివే. వదులు చొక్కా వెనక నడుము ఎక్కడుందో దానికి తెలియదు. డెన్స్‌పోజ్ చెప్పేది కూడా బట్ట వెనక ఒంటి అంచనాయే.

పట్టుకునే చోట్లు రెండు. చొక్కా కింది అంచు ప్యాంటును కలిసే చోట చూడండి. అక్కడ ప్యాంటు మాస్క్ బయటిది, అసలుది. పైన కొత్త మొండెం సన్నబడితే రెండింటి మధ్య మెట్టులాంటిది కనపడుతుంది. రెండోది, ఛాతీ దగ్గర బట్ట వెడల్పు కొలవడం. దీనికి ఒక చిన్న అంచనా ఉంది. చొక్కా చుట్టుకొలత 52 రెండింతలు, 104 సెం.మీ. ఒళ్లు 92. వదులు 12. ఒంటిని గుండ్రటి గొట్టంగా అనుకుంటే 12ను 3.14తో భాగించగా వ్యాసంలో తేడా 3.8, అంటే పక్కకు రెండు సెంటీమీటర్ల కన్నా కొంచెం తక్కువ. కాబట్టి ఛాతీ దగ్గర బట్ట అంచు ఒంటి అంచుకు పక్కకు 20 పిక్సెళ్ల ఎడంగా ఉండాలి. ఒళ్లు నిజానికి గొట్టం కాదు, వదులంతా సమానంగా పంచుకోదు, మడతల్లోకీ వీపు వైపుకీ పోతుంది. అందుకే ఇది స్థూలమైన అంకె. అయినా బొమ్మలో ఎడం సున్నా ఉంటే అది వదులు చొక్కా కాదనీ, అంతకుమించి 60 పిక్సెళ్లుంటే అది వేరే సైజనీ తేల్చడానికి సరిపోతుంది.

సైజు గురించి నా పట్టుదల ఇది: బొమ్మ చేత సైజు చెప్పించకూడదు. మనిషికి ఛాతీ 108 ఉన్నా ఈ మోడల్ అదే చొక్కాను చక్కగా తొడిగి చూపిస్తుంది. చొక్కా చుట్టుకొలత ఒంటి కొలత కన్నా తక్కువైతే, సాగే గుడ్డ కానప్పుడు, అసలు బొమ్మే చూపించవద్దు. వదులు ఎంతో అంకె బొమ్మ కిందే వేయండి.

ఆరో అడుగు: బట్ట ఫాల్

గుడ్డ ఎలా వాలుతుందో వస్త్ర పరిశ్రమలో కొలిచి చెబుతారు. కసిక్ డ్రేప్ పరీక్షలో 18 సెం.మీ. పళ్లెం మీద 30 సెం.మీ. గుండ్రటి గుడ్డ ముక్క పెట్టి, అంచులు కిందికి వాలాక నీడ ఎంత పరుచుకుందో చూస్తారు. బిగుసైన గుడ్డ నీడ పెద్దది, జారే గుడ్డ నీడ చిన్నది. ట్రై-ఆన్ మోడల్‌కు ఈ సంఖ్య ఇచ్చే చోటు లేదు. గుడ్డ మెరుపు, ఫొటోలో కనపడే చిన్న మడతలు, వాక్యంలో రాసిన `linen` అన్న మాట, వీటిని బట్టే అది గుడ్డ స్వభావాన్ని ఊహిస్తుంది. పరిచి తీసిన ఫొటో నుంచి బరువు తెలియదు కాబట్టి, దుకాణాల్లో నిలబెట్టే మనిషి బొమ్మకు చొక్కా తొడిగి తీసి, తర్వాత ఆ మనిషి బొమ్మను చెరిపేసిన ఫొటో ఉంటే అదే ఇవ్వండి. వాలు అందులో ఇప్పటికే ఉంది.

వచ్చిన మడతలు నిజమా కాదా అని చూడటానికి అవి ఎక్కడి నుంచి మొదలయ్యాయో చూడాలి. అసలు మడత ఎప్పుడూ బట్టను ఏదో పట్టి ఉంచిన చోట పుడుతుంది: భుజం అంచు, ఛాతీ ఎత్తు, చంక, బొత్తాం. లినెన్ చొక్కాలో చంక నుంచి ఛాతీ వైపు ఏటవాలుగా రెండు మూడు స్ఫుటమైన మడతలు, చెయ్యి చివర ఒంటికి ఎడంగా నిలబడ్డ అంచు ఉండాలి. అదే చొక్కా రేయాన్‌దైతే చెయ్యి చివర లోపలికి వాలి చేతిని తాకుతుంది, మడతలు సన్నగా నిలువుగా జారతాయి. లినెన్ అని అమ్ముతూ బొమ్మలో చెయ్యి చివర మెత్తగా అతుక్కుని ఉంటే, పొడవు 0.84 సరిగ్గా వచ్చినా ఆ బొమ్మ అబద్ధమే చెబుతోంది.

చారలున్న బట్టకు ఇంకా సులువు. నిజమైన మడత మీదుగా వెళ్లే చార విరుగుతుంది, లోపలికి పోయి పక్కన తేలుతుంది. నీడ వంకరగా ఉండి చార మాత్రం తిన్నగా పోతే అది మడత కాదు, చార మీద పూసిన నీడ. సాదా బట్టలో ఈ దొంగతనం దొరకదు. అందుకే కొత్త మోడల్‌నో కొత్త సెట్టింగ్‌నో పరీక్షించేటప్పుడు ముందు సెంటీమీటరు చారల చొక్కాతో మొదలుపెట్టండి, సాదావి తర్వాత.

ఏడో అడుగు: తిరిగి అతికించడం

మోడల్ బొమ్మ మొత్తాన్నీ కుదించి విప్పుతుంది కాబట్టి మాస్క్ బయట ఉన్న ముఖం కూడా కాస్త చెదురుతుంది, కళ్ల దగ్గర ముందు తెలుస్తుంది. మాస్క్ లోపలి భాగం మాత్రమే ఫలితం నుంచి తీసుకుని, మిగతాదంతా అసలు ఫొటో నుంచే ఉంచాలి. మాస్క్ అంచును ఐదారు పిక్సెళ్లు మెత్తబరిస్తే అతుకు కనపడదు. అంతకంటే ఎక్కువ మెత్తబరిస్తే కాలర్ చుట్టూ పాత చొక్కా రంగు పొగలా తేలుతుంది.

మణికట్టు దగ్గర ఒకసారి పెద్దది చేసి చూడండి. అక్కడ పుట్టించిన ముంజేయి, అసలు హస్తం కలుస్తాయి. ఫోన్ ఫొటోలో ఉండే సన్న చుక్కల గరుకుతనం పుట్టించిన చర్మంలో ఉండదు, మైనపు చెయ్యిలా కనిపిస్తుంది. అసలు ఫొటో గరుకుతనానికి సమానంగా కొంచెం నాయిస్ కలిపితే తేడా పోతుంది.

బొమ్మ బయటికి వెళ్లేటప్పుడు దాని కింద నేను రాయించేది ఇంతే: చెయ్యి భుజం నుంచి 27 సెం.మీ., మోచేతికి 5 సెం.మీ. పైన ఆగుతుంది. ఛాతీ దగ్గర వదులు 12 సెం.మీ. ముంజేతులు ఫొటోలో కనపడలేదు కాబట్టి ఊహించి గీసినవి. కొనుగోలుదారు పంపిన అసలు ఫొటో, ఆధార బొమ్మ ఎన్నాళ్లు ఉంచుతారో, ఎలా తీసేయమని అడగాలో కూడా అక్కడే ఉండాలి. ఫొటో వేరొకరిది కాదని, తమదేనని అప్‌లోడ్ చేసేటప్పుడే ఒప్పుకోలు తీసుకోవాలి.